టూరు ఖర్చుల పంపకం: అపోహలు – వాస్తవాలు

నల్లగొండలో అకౌంట్స్ పని చేస్తాను. దుకాణాల లెక్కలతో పాటు దోస్తుల టూరు లెక్కలూ నా దగ్గరికి వస్తుంటాయి. తిరిగొచ్చాక పైసల దగ్గర మనసులు నొచ్చుకునేది ఎవరో మోసం చేసినందుకు కాదు, షీటు తప్పుగా వేసుకున్నందుకే. ఒక ఉదాహరణ తీసుకుందాం. వెంకన్న, సైదులు, నర్సింహ, యాదగిరి, లింగస్వామి శంషాబాద్‌లో విమానమెక్కి బ్యాంకాక్, అక్కడి నుంచి కౌలాలంపూర్ వెళ్లొచ్చారనుకోండి.

అపోహ: మొత్తం ఖర్చును ఐదుతో భాగిస్తే చాలు.

ఈ టూరులో పెద్ద ఖర్చులు నాలుగు. టికెట్లకు వెంకన్న ₹1,00,000 కట్టాడు. బ్యాంకాక్ హోటల్‌కు సైదులు కార్డు మీద ₹45,000 పోయింది. పడవ షికారుకు నర్సింహ చేతి నుంచి 5,000 బాట్ ఇచ్చాడు, అది ₹14,000 అయింది. మలేసియాలో రింగిట్లలో అయిన ఖర్చుకు యాదగిరి కార్డులో ₹22,500 పడింది. మొత్తం ₹1,81,500, తలా ₹36,300.

కానీ యాదగిరి పడవ ఎక్కలేదు. హోటల్లో తీసుకున్న మూడు గదుల్లో లింగస్వామి ఒక్కడే ఒక గదిలో ఉన్నాడు. అందుకే పంపకం మొత్తం మీద కాదు, ఒక్కో వరుస మీద జరగాలి. ప్రతి ఖర్చు పక్కన ఒక్కొక్కరికి ఒక వాటా అంకె వేయండి. పడవ వరుసలో యాదగిరికి 0, మిగతా నలుగురికి 1. హోటల్ వరుసలో లింగస్వామికి 2, మిగతావాళ్లకు 1. ఇట్లా వేస్తే యాదగిరి వాటా ₹32,000, లింగస్వామిది ₹43,000, మిగతా ముగ్గురిది తలా ₹35,500. సమానంగా పంచి ఉంటే యాదగిరి ₹4,300 ఊరికే మోసేవాడు.

షీటులో B కట్టినవారి పేరు, E రూపాయలు, F నుంచి J దాకా వాటా అంకెలు (పైన 1వ వరుసలో పేర్లు), K నుంచి O దాకా వచ్చే వాటా. మొదటి సూత్రం K2లో రాసి O5 దాకా లాగండి. రెండోది K7లో రాసి O7 దాకా లాగితే ఒక్కొక్కరి నికరం వస్తుంది:

```
=$E2*F2/SUM($F2:$J2)
=SUMIF($B$2:$B$5,F$1,$E$2:$E$5)-SUM(K2:K5)
```

అపోహ: విదేశీ కరెన్సీకి గూగుల్‌లో చూపించే రేటు వేస్తే న్యాయం.

ఆ రేటుకు మనకు ఎవరూ డబ్బు మార్చి ఇవ్వరు. షీటులో రావాల్సింది జేబులోంచి నిజంగా పోయిన రూపాయలు. నర్సింహ ఇక్కడ ₹27,000 ఇచ్చి 10,000 బాట్ తీసుకున్నాడు. చాలక అక్కడి ఎయిర్‌పోర్టులో ₹15,000కు మరో 5,000 బాట్ మార్చాడు. రెండూ కలిపితే ₹42,000కు 15,000 బాట్, అంటే బాట్ ₹2.80. పడవకు ఇచ్చిన 5,000 బాట్‌ను ₹14,000గా రాసింది అందుకే. ఆ రోజు నెట్‌లో ₹2.65 ఉందని అదే వేస్తే, అందరి కోసం ఖర్చు పెట్టిన మనిషి ఖాతాలో ₹750 తక్కువ పడుతుంది.

కార్డుకైతే స్టేట్‌మెంట్‌లో చివరకు పడిన మొత్తమే ప్రమాణం. చాలా కార్డుల మీద విదేశీ వాడకానికి బ్యాంకు అదనపు రుసుము, దాని మీద 18% జీఎస్టీ ఉంటాయి. అవి వేరే వరుసలో కనబడితే వెతికి కలపాలి. వెంటనే వచ్చే మెసేజ్‌లోని అంకెకు, రెండు మూడు రోజుల తర్వాత పోస్ట్ అయ్యే అంకెకు తేడా రావచ్చు. ఎయిర్‌పోర్టులో దిగగానే లెక్క ముగించొద్దని నేను చెప్పేది ఇందుకే.

అపోహ: ఎవరు ఎవరికి బాకీనో ఖర్చు ఖర్చుకూ తీర్చుకోవాలి.

అట్లా అయితే ఈ నాలుగు ఖర్చులకే 15 చెల్లింపులు అవుతాయి. కట్టిన దాంట్లోంచి వాటా తీసేసి, ఒక్కొక్కరికి ఒక్క నికర అంకె రాయండి. వెంకన్నకు ₹64,500, సైదులుకు ₹9,500 రావాలి. లింగస్వామి ₹43,000, నర్సింహ ₹21,500, యాదగిరి ₹9,500 ఇవ్వాలి. రావాల్సినవి, ఇవ్వాల్సినవి రెండూ ₹74,000. ఈ రెండూ కలవకపోతే ఎక్కడో ఒక వరుసలో పేరు తప్పు పడినట్టు. అది దొరికే దాకా ఎవరూ డబ్బు పంపొద్దు.

ఐదుగురి మధ్య ఎట్లా తీర్చినా నాలుగు చెల్లింపులకు మించాల్సిన పని లేదు. ఇంకా తగ్గాలంటే తమలో తాము సున్నా అయ్యే గుంపులను ముందు విడదీయాలి. ఇక్కడ యాదగిరి, సైదులు ఒక జత. మిగతా ముగ్గురు ఇంకో గుంపు. యాదగిరి సైదులుకు ₹9,500, నర్సింహ వెంకన్నకు ₹21,500, లింగస్వామి వెంకన్నకు ₹43,000. మూడింటితో అయిపోయింది. అట్లా చూడకుండా నర్సింహతో ముందు సైదులు బాకీ కట్టిస్తే నాలుగవుతాయి.

అపోహ: పెద్ద అప్పును పెద్ద రావలసిన దానికి కడుతూ పోతే ఎప్పుడూ కనిష్ఠమే వస్తుంది.

ఈ ఉదాహరణలో అట్లా చేసినా మూడే వస్తాయి, కానీ ప్రతిసారీ రావు. ఇద్దరికి ₹6,000, ₹5,000 రావాలి. ముగ్గురు ₹5,000, ₹3,000, ₹3,000 ఇవ్వాలి అనుకోండి. పెద్దదానికి పెద్దది కడితే నాలుగు చెల్లింపులు. ₹5,000ను ₹5,000కే కట్టించి, రెండు ₹3,000లను ₹6,000కు పంపితే మూడే. ఐదారుగురైతే ఇట్లాంటి గుంపులు కంటితోనే దొరుకుతాయి. మనుషులు పెరిగేకొద్దీ చూడాల్సిన కలయికలు విపరీతంగా పెరుగుతాయి. ఇరవై మంది టూరులో ఒకటి రెండు చెల్లింపులు ఎక్కువైనా పెద్దది–పెద్దది పద్ధతే మేలని నా అభిప్రాయం.

ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది. "సైదులన్న హోటల్‌కు నేను ఇవ్వాల్సింది ఏడున్నర వేలే కదా, తొమ్మిదిన్నర వేలు ఎందుకు పంపాలె?" అని యాదగిరి అడుగుతాడు. అప్పుడు మూడు చెల్లింపుల జాబితా ఒక్కటే చూపితే సరిపోదు. ఆయన కట్టింది ₹22,500, వాటా ₹32,000, తేడా ₹9,500 అనే వరుస చూపండి. అందుకే గ్రూపులో పెట్టే ఫొటోలో నికర లెక్క పైన, చెల్లింపులు దాని కింద ఉండాలి.