పాట మీకే వచ్చింది, మరి డబ్బేది? చిట్టీ అగ్రిమెంటుపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో చిట్టీల తగాదాలు చూసే లాయర్ని నేను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పాస్‌బుక్ తెస్తారు, అగ్రిమెంటు తేరు. అడిగితే, "సంతకాలు పెట్టించుకోని తీసకపొయ్యారు సార్, మాకేం ఇయ్యలా" అంటారు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం మొదటి పాట రోజుకల్లా చిట్టీ నడిపే ఫోర్‌మన్ ప్రతి సభ్యుడికీ అగ్రిమెంటు నకలు ఇవ్వాలి. కింది గొడవల్లో సగం ఆ నకలు చదివి ఉంటే వచ్చేవే కాదు.

అపోహ: షూరిటీ కుదిరేదాకా పాట డబ్బు ఫోర్‌మన్ దగ్గరే ఉంటుంది.

కావలిలో ఫ్యాన్సీ షాపు నడిపే ఒకావిడ సంగతి చెబుతాను (గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను). చిట్టీ 5 లక్షలది, 25 మంది, నెలకు 20 వేలు. పదో నెల ఆవిడ 1,25,000 తగ్గించి పాడింది. అంటే చేతికి రావాల్సింది 3,75,000. తగ్గించిన దాంట్లో ఫోర్‌మన్ కమీషన్, అంటే చిట్టీ మొత్తంలో 7 శాతం, 35 వేలు పోగా మిగిలిన 90 వేలు 25 మందికి పంచితే తలా 3,600 డివిడెండ్. కమీషన్ 7 శాతానికి మించకూడదు, పాట 40 శాతం దాటి తగ్గకూడదు. 2019 సవరణ తర్వాత ఉన్న హద్దులివి.

ఆవిడ ఇద్దరు టీచర్లను షూరిటీకి తీసుకెళ్లింది. ఒకాయన అప్పటికే ఇంకో చిట్టీకి షూరిటీ ఉన్నాడని ఆఫీసువాళ్లు వద్దన్నారు. అది తప్పు కాదు. మిగిలిన వాయిదాలు వసూలవుతాయన్న భరోసా అడిగే హక్కు ఫోర్‌మన్‌కు ఉంది. కానీ ఆ తర్వాత మూడు నెలలు "ఇంకొకర్ని తెండమ్మా" అంటూ తిప్పారు, ఆవిడ మాత్రం నెలనెలా కడుతూనే ఉంది. తప్పు ఇక్కడ జరిగింది.

షూరిటీ కుదరక తర్వాతి వాయిదా తేదీ దాకా ఇవ్వకపోతే, ఆ 3,75,000ను వెంటనే బ్యాంకులో విడి ఖాతాలో వేయాలి. వేసినట్టు సభ్యుడికీ, చిట్స్ రిజిస్ట్రార్‌కూ రాతపూర్వకంగా తెలపాలి. కాబట్టి "నా డబ్బు ఎప్పుడిస్తారు" అని అడగకండి, "ఏ బ్యాంకులో, ఏ తేదీన వేశారు" అని ఉత్తరం రాసి అడగండి. ఈవిడ చేత నేను రాయించింది ఆ ఒక్క వాక్యమే. పది రోజుల్లో మేనేజరే ఫోన్ చేశాడు.

ఇంకో దారి కూడా ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ముందు ముందు కట్టాల్సిన వాయిదాలన్నీ పాట డబ్బులోనే పట్టుకోమంటే షూరిటీ అక్కర్లేదు. ఈవిడ లెక్కలో మిగిలినవి 15 వాయిదాలు, 3 లక్షలు. చేతికి 75 వేలే వస్తుంది. పట్టుకున్న 3 లక్షలు బ్యాంకులో ఉండాలి, మీ వాయిదాలకు తప్ప వేరే దేనికీ తీయకూడదు. సరుకు కోసం పాడినవాళ్లకు ఇది పనికిరాదనుకోండి. ఆవిడా ఒప్పుకోలేదు, వాళ్ల తమ్ముణ్ని షూరిటీ పెట్టి మొత్తం తీసుకుంది.

అపోహ: పాడినవాడు రెండు నెలలు ఆపితే ఇక మొత్తం ఒకేసారి కట్టాల్సిందే.

ఇది సగం నిజం. పాడి డబ్బు తీసుకున్నవాడు వాయిదా తప్పితే మిగిలినదంతా ఒక్కసారిగా అడిగే హక్కు ఫోర్‌మన్‌కు ఉంది, కానీ రాతపూర్వకంగా డిమాండ్ చేయాలి. ఫోన్‌లో బెదిరించడం డిమాండ్ కాదు. వ్యవహారం రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లినా, విచారణ తేదీలోపు బాకీ పడ్డ వాయిదాలు వడ్డీ, విచారణ ఖర్చులతో సహా కట్టేస్తే, మిగతావి నెలనెలా కట్టుకోమనే రిజిస్ట్రార్ ఆర్డర్ ఇవ్వాలి. అగ్రిమెంటులో ఇంకోలా రాసి ఉన్నా సరే. ఈ ఒక్క ముక్క తెలియక షూరిటీ ఇచ్చిన మాస్టార్లు జీతం అటాచ్ అవుతుందని టెన్షన్‌తో నిద్ర మానుకుంటారు. ఆర్డర్ వచ్చాక మళ్లీ తప్పితే మాత్రం మొత్తం వసూలుకు దిగుతారు.

అపోహ: పాడకుండా మధ్యలో ఆపేస్తే కట్టిందంతా పోయినట్టే.

పోదు. మిమ్మల్ని చిట్టీ నుంచి తీసేస్తే ఫోర్‌మన్ నోటీసు ఇవ్వాలి, మీ స్థానంలో ఇంకొకర్ని చేర్చుకోవచ్చు, మీకు రావాల్సింది విడిగా బ్యాంకులో వేయాలి. కోత ఎంతో అగ్రిమెంటులో రాసి ఉంటుంది, అంతకు మించి కోస్తే అడగండి. అడిగిన వెంటనే చేతికొస్తుందని మాత్రం అనుకోకండి.

అపోహ: పాటకు వెళ్లినా వెళ్లకపోయినా ఒకటే.

పాట జరిగేటప్పుడు కనీసం ఇద్దరు సభ్యులు ఉండాలి. ఇప్పుడు వీడియోలో ఉన్నా చెల్లుతుంది. మినిట్స్ పుస్తకంలో వాళ్ల సంతకాలుండాలి, దాని నకలు 21 రోజుల్లో రిజిస్ట్రార్‌కు చేరాలి. ఒంగోలులో ఒక కేసులో ఆ పుస్తకం తెప్పించి చూస్తే ఏడు నెలలు వరసగా అవే రెండు సంతకాలు, ఒకే పెన్నుతో. ఆ ఇద్దరూ ఆఫీసులో పనిచేసే కుర్రాళ్లే. పాడని సభ్యులకు రికార్డులు చూసే హక్కుంది, ఏ రోజుల్లో చూడొచ్చో అగ్రిమెంటులోనే రాసి ఉంటుంది.

చేరకముందు ఒక్క కాగితం చూపించమనండి: ఆ గ్రూపుకు రిజిస్ట్రార్ ఇచ్చిన ప్రారంభ ధ్రువపత్రం. కంపెనీది కాదు, మీరు చేరే గ్రూపుది. తెల్ల కాగితం మీద నడిచే చీటీల్లో ఈ బ్యాంకు డిపాజిట్లూ, మినిట్సూ ఏవీ ఉండవు. అక్కడ ఉండేది నడిపేవాడి మాట ఒక్కటే.