జ్వరం వార్డులో, లెక్క ఐసీయూ ఖాతాలో: లైన్ లిస్ట్‌లో ఒక్క వరుస నిండే తీరు

ఆసుపత్రిలో చేరాక అంటుకున్న ఇన్ఫెక్షన్లను లెక్కించడానికి ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్స్ రాసే పట్టికే లైన్ లిస్ట్. ఇందులో రోగికి ఒక వరుస కాదు, ఇన్ఫెక్షన్‌కు ఒక వరుస. ఒకే మనిషికి ముందు మూత్రంలో, ఆ తర్వాత దానితో సంబంధం లేకుండా ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వస్తే రెండు వరుసలు పడతాయి. నిలువు గడుల్లో చేరిన తేదీ, మూత్రం బయటికి రావడానికి పెట్టే గొట్టం, అంటే కాథెటర్ వేసిన తేదీ, తీసిన తేదీ, లక్షణం కనిపించిన తేదీ, శాంపిల్ తీసిన తేదీ, దొరికిన సూక్ష్మజీవి, చివరికి రోగి ఏమయ్యాడన్నది ఉంటాయి.

చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ వార్డు నోట్స్ రాసేది చికిత్స కోసం, డ్యూటీ అప్పగింత కోసం. వాటిలో తేదీలు డ్యూటీని బట్టి నడుస్తాయి. లైన్ లిస్ట్‌కు కావలసింది క్యాలెండర్ తేదీ. ఈ రెండింటి మధ్య ఒక్క రోజు తేడా వచ్చినా ఒక ఇన్ఫెక్షన్ మాయమైపోవచ్చు, లేదా ఒక వార్డుది ఇంకో వార్డు మీద పడవచ్చు.

కాథెటర్ వల్ల వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్‌నే తీసుకుని ఒక వరుస నింపి చూద్దాం. లెక్కకు అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ నడిపే ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల నిఘా వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్ఎన్ నిర్వచనాలు వాడుతున్నాను. కేసు ఉదాహరణ కోసం కల్పించినది. తెనాలి వైపు నుంచి పక్షవాతంతో ఒక పెద్దాయనను గుంటూరులోని ఒక ఆసుపత్రికి తెచ్చారనుకుందాం. లిస్ట్‌లో ఆయన పేరు ఉండదు, ఒక కోడ్ నంబరే ఉంటుంది. ఆ కోడ్‌కూ ఐపీ నంబర్‌కూ లంకె వేరే రిజిస్టర్‌లో తాళం కింద ఉంటుంది.

జులై 4 రాత్రి 11.40కి క్యాజువాలిటీకి వచ్చారు. అక్కడే ఫోలీస్ కాథెటర్ వేశారు. ఐసీయూ బెడ్ దొరికి పైకి తీసుకెళ్లేసరికి 5వ తేదీ తెల్లవారుజాము 1.10 అయింది. కేస్ షీట్ అట్ట మీద చేరిన తేదీ 4 అనే ఉంటుంది. లైన్ లిస్ట్‌లో మాత్రం 5 రాయాలి. ఇన్‌పేషెంట్ వార్డులోకి అడుగుపెట్టిన తేదీయే మొదటి రోజు, క్యాజువాలిటీలో గడిపిన సమయం లెక్కలోకి రాదు. కాథెటర్ వేసిన తేదీ గడిలో 4 అనే రాస్తాం, అది నిజం కాబట్టి. కాథెటర్ రోజుల లెక్క మాత్రం 5 నుంచే మొదలవుతుంది.

8వ తేదీ పొద్దున కాథెటర్ బ్లాక్ అయింది. నోట్స్‌లో ‘ఫోలీస్ మార్చాం’ అని ఒక్క ముక్క ఉంది. కొత్తగా ఈ పని చూసేవారు ఇక్కడ వేసిన తేదీని 8కి మార్చేస్తారు. అలా చేయకూడదు. పాతది తీశాక, కొత్తది వేసేలోపు ఒక పూర్తి క్యాలెండర్ రోజు కాథెటర్ లేకుండా గడిస్తేనే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. పొద్దున తీసి సాయంత్రం వేస్తే పాత లెక్కే సాగుతుంది.

9వ తేదీ సాయంత్రం 5 గంటలకు ఐసీయూ నుంచి మెడికల్ వార్డుకు షిఫ్ట్ చేశారు. ఆ రాత్రి జ్వరం, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్ట్‌లో ‘2 గం. 101.2’ అని ఉంది. చార్ట్ పైన తేదీ 9. నైట్ డ్యూటీ 9వ తేదీ రాత్రి మొదలైంది గనుక ఆ కాగితానికి అదే తేదీ వేశారు, అందులో డ్యూటీ సిస్టర్ తప్పేమీ లేదు. కానీ రాత్రి 2 గంటలంటే 10వ తేదీ. అర్ధరాత్రి దాటాక రాసిన ప్రతి రీడింగ్‌నూ మరుసటి తేదీకి మార్చి ఎక్కించాలి. నోట్స్ చదివేటప్పుడు పన్నెండు దాటిన చోట పెన్సిల్‌తో అడ్డగీత గీసుకుంటే ఇది తప్పిపోదు.

జ్వరం అంటే 38.0 డిగ్రీల సెల్సియస్ దాటాలి, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 దాటాలి. సరిగ్గా 100.4 ఉంటే సరిపోదు. ఇక్కడ 101.2 కాబట్టి పేచీ లేదు. జ్వరం మరో కారణం వల్ల వచ్చి ఉండొచ్చని డ్యూటీ డాక్టర్ రాసినా దాన్ని తీసేయకూడదు. ఎవరు నింపినా ఒకే జవాబు రావాలన్నదే ఈ నిర్వచనాల ఉద్దేశం, అందుకే అభిప్రాయాలకు చోటు పెట్టలేదు. దీనికి మరోవైపు కూడా ఉంది. డాక్టర్ మూత్ర ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ మొదలుపెట్టినా, నిర్వచనం నెరవేరకపోతే లిస్ట్‌లో వరుస పడదు. చికిత్స నిర్ణయం వేరు, నిఘా లెక్క వేరు.

11వ తేదీ పొద్దున యూరిన్ కల్చర్ పంపారు. అప్పటికి జ్వరం తగ్గింది, మళ్లీ రాలేదు. ల్యాబ్ రిపోర్ట్ 14న వచ్చింది. క్లెబ్సియెల్లా న్యుమోనియే, మిల్లీలీటరుకు లక్షకు పైగా కాలనీలు. వార్డు నోట్స్‌లో 14వ తేదీ పేజీలోనే ‘కల్చర్ పాజిటివ్’ అని రాసి ఉంటుంది. ఎక్కువ మంది జారేది ఇక్కడే.

పాజిటివ్ వచ్చిన శాంపిల్ తీసిన తేదీకి ముందు 3 రోజులు, తర్వాత 3 రోజులు, ఆ రోజుతో కలిపి మొత్తం 7 రోజులు కిటికీ అనుకోండి. లక్షణం ఆ కిటికీలో పడితేనే లెక్క. శాంపిల్ తేదీ 11 అయితే కిటికీ 8 నుంచి 14 వరకు, 10వ తేదీ జ్వరం లోపలే ఉంది. రిపోర్ట్ తేదీ 14ను ఎక్కిస్తే కిటికీ 11 నుంచి 17కు జరుగుతుంది. జ్వరం బయట పడిపోతుంది. నిజంగా జరిగిన ఇన్ఫెక్షన్ కాగితం మీద లేకుండా పోతుంది, ఆ నెల ఇన్ఫెక్షన్ల రేటు చూసి అందరూ సంతోషిస్తారు. శాంపిల్ తీసిన తేదీ ల్యాబ్ రిక్వెస్ట్ ఫారం మీద, రిపోర్ట్ పైభాగంలో ఉంటుంది. అక్కడి నుంచే తీసుకోవాలి, నోట్స్ నుంచి కాదు.

కిటికీలో పడిన లక్షణం, శాంపిల్, ఈ రెండింటిలో ముందు వచ్చినదాని తేదీయే ఇన్ఫెక్షన్ తేదీ. ఇక్కడ అది 10. ఆ రోజుకు కాథెటర్ ఆరో రోజులో ఉంది. ఇన్ఫెక్షన్ తేదీ నాటికి కాథెటర్ మూడో రోజుకో ఆ తర్వాతికో వచ్చి ఉండాలి, పైగా ఆ రోజు ఒంటికి ఉండాలి, లేదా అంతకు ముందు రోజే తీసి ఉండాలి. రెండూ సరిపోయాయి. చేరిన మొదటి రెండు రోజుల్లోనే ఇన్ఫెక్షన్ తేదీ పడి ఉంటే, వచ్చేటప్పుడే తెచ్చుకున్నదని లెక్క.

ఇక ఇది ఎవరి ఖాతా? జ్వరం వార్డులో వచ్చింది, శాంపిల్ వార్డు పంపింది, కాగితాలన్నీ వార్డువే. అయినా షిఫ్ట్ అయిన రోజుగానీ మరుసటి రోజుగానీ ఇన్ఫెక్షన్ తేదీ పడితే అది పంపిన చోటుకే చెందుతుంది. 9న షిఫ్ట్, 10న ఇన్ఫెక్షన్ కాబట్టి ఐసీయూకే. అందుకే రోగి ఎప్పుడు ఏ బెడ్‌లో ఉన్నాడో రాసే గడి లేని లైన్ లిస్ట్ పనికిరాదు.

ఎక్సెల్‌లో B గడిలో చేరిన తేదీ, D లో కాథెటర్ వేసిన తేదీ, F లో కిటికీలో పడగల మొదటి లక్షణం తేదీ, G లో శాంపిల్ తేదీ, J లో ఇన్ఫెక్షన్ తేదీ పెట్టుకుంటే మూడు ఫార్ములాలు చాలు. మొదటిది కిటికీని చూస్తుంది, రెండోది J గడికి, మూడోది కాథెటర్ ఎన్నో రోజో చెబుతుంది.

```
=ABS(F2-G2)<=3
=MIN(F2,G2)
=J2-MAX(B2,D2)+1
```

మొదటిది TRUE వస్తేనే మిగతా రెండింటికి అర్థం ఉంటుంది. మన కేసులో TRUE, జులై 10, 6 వస్తాయి. చివరి +1 మరిచిపోతే 5 వస్తుంది. కాథెటర్ సరిగ్గా మూడో రోజున ఉన్న కేసులన్నీ అప్పుడు రెండో రోజుగా కనిపించి లిస్ట్ నుంచి రాలిపోతాయి.

ఇంకో ప్రమాదం కంప్యూటర్ సెట్టింగులో ఉంది. తేదీ అమెరికా పద్ధతిలో ఉన్న కంప్యూటర్‌లో 10/07/2025 అని కొడితే అది అక్టోబర్ 7 అవుతుంది. 14/07/2025 కొడితే పద్నాలుగో నెల లేదు కాబట్టి ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. నెలలో మొదటి 12 తేదీలు దాదాపు అన్నీ తప్పుగా, మిగతావి తేదీలే కాకుండా తయారవుతాయన్నమాట. పైగా MAX, MIN ఫార్ములాలు గడిలోని అక్షరాలను పట్టించుకోవు, తప్పు అని చెప్పకుండా మిగిలిన తేదీతోనే జవాబు ఇచ్చేస్తాయి. నిజమైన తేదీ గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు ఒదిగి ఉంటాయి. ఎడమవైపు ఉన్న తేదీ కనబడితే ఆ గడి ఒక్కటే కాదు, ఆ నిలువు వరుసంతా అనుమానించాలి. 2025-07-10 తరహాలో రాస్తే ఈ గొడవ లేదు.

కాథెటర్ తీసిన తేదీ నోట్స్‌లో చాలాసార్లు దొరకదు. వేసినప్పుడు రాస్తారు, తీసినప్పుడు మరిచిపోతారు. అప్పుడు ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్ట్ తిరగేయాలి. యూరిన్ బ్యాగ్ కొలతలు క్రమంగా పడుతూ వచ్చి, ఒక రోజు నుంచి ‘సొంతంగా పోశారు’ అని గానీ, డైపర్ బరువులు గానీ కనిపిస్తే కాథెటర్ అప్పుడు పోయినట్టు. ఈ కేసులో అలా చూస్తే 12వ తేదీ తేలుతుంది. అలా తేల్చిన తేదీ పక్కన ‘చార్ట్ నుంచి’ అని రాసిపెట్టాలి.

సూక్ష్మజీవి గడిలో పేరు జాబితా నుంచి ఎంచుకునేలా పెట్టాలి. ఒకరు ‘క్లెబ్’ అనీ, ఒకరు పూర్తి పేరూ రాస్తే నెలాఖరున అవి రెండు వేర్వేరు జీవులుగా లెక్కకొస్తాయి. కాలనీల సంఖ్యకు వేరే గడి ఉండాలి, ఎందుకంటే ఈ నిర్వచనానికి కనీసం ఒక బ్యాక్టీరియా లక్ష స్థాయికి చేరాలి. మూడు, అంతకంటే ఎక్కువ రకాలు పెరిగితే ఆ కల్చర్ పనికిరాదు. కాండిడా అనే ఫంగస్ ఒక్కటే వస్తే అది ఈ లిస్ట్‌కు రాదు. కల్చర్ పంపలేదు, పంపాం కానీ రిపోర్ట్ రాలేదు, ఏమీ పెరగలేదు అనే మూడింటికీ వేర్వేరు మాటలు పెట్టుకోవాలి. ఖాళీ గడి ఆ మూడింటిలో ఏదైనా కావచ్చు.

19న మళ్లీ యూరిన్ కల్చర్ పంపితే ఈ.కోలై వచ్చిందనుకోండి. కొత్త వరుస పడదు. ఇన్ఫెక్షన్ తేదీతో మొదలుపెట్టి 14 రోజుల దాకా, అంటే 23 వరకు, అదే రకం ఇన్ఫెక్షన్ మళ్లీ లెక్కించరు. ఈ.కోలైను పాత వరుసలోనే సూక్ష్మజీవి గడిలో చేర్చాలి.

ఫలితం గడిలో డిశ్చార్జ్, మరణం, రిఫరల్, డాక్టర్ వద్దన్నా వెళ్లిపోవడం, ఇంకా ఆసుపత్రిలోనే ఉండటం అనే మాటలు చాలు. పక్కన తేదీ తప్పనిసరి. ‘కోలుకున్నారు’ అని రాస్తే అది ఇన్ఫెక్షన్ నుంచా, పక్షవాతం నుంచా తెలియదు. మరణం దగ్గర ‘ఇన్ఫెక్షన్ వల్ల’ అని ఈ గడిలో రాయకూడదు, కారణం తేల్చడం వేరే సమీక్ష పని. గుంటూరులో తీవ్రమైన కేసులు విజయవాడకో, అటునుంచి ఇటో మారుతూ ఉంటాయి కాబట్టి రిఫరల్‌ను డిశ్చార్జ్‌లో కలిపేస్తే మరణాలు తక్కువగా కనిపిస్తాయి.

లైన్ లిస్ట్ ఒక్కటే రేటు ఇవ్వదు. దానికి రోజూ ఒకే వేళకు ఐసీయూలో ఎందరికి కాథెటర్ ఉందో లెక్కపెట్టి కూడుకోవాలి. నెలకు ఆ మొత్తం 310, ఇన్ఫెక్షన్లు 2 అనుకుంటే వెయ్యి కాథెటర్ రోజులకు 6.5 వస్తుంది. అంత చిన్న అంకెల మీద ఒక్క వరుస తప్పితే రేటు సగానికి పడిపోతుంది. కాబట్టి నెలకు కొన్ని కేస్ షీట్లను, అదీ లిస్ట్‌లోకి రాని పాజిటివ్ కల్చర్లవి ముఖ్యంగా, ఇంకొకరు మొదటివారి జవాబు చూడకుండా చదివి నింపాలి. ఇద్దరి వరుసలు పక్కపక్కన పెడితే తేడా వచ్చే గడులు దాదాపు ఎప్పుడూ అవే: శాంపిల్ తేదీ, అర్ధరాత్రి దాటిన జ్వరం, కాథెటర్ తీసిన రోజు.