పక్కపక్కన పెట్టిన రెండు చార్టులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: రెండు గీతలూ ఒకేలా పైకి వెళ్తున్నాయంటే రెండు చోట్లా సమస్య ఒకేలా పెరుగుతోంది.

దీనికి జవాబుగా ఒక చిన్న కథ చెప్తాను. కంపెనీ, మనుషులు కల్పితం. ఇలాంటి పొరపాటు మాత్రం డేటా పని చేసే ఏ ఆఫీసులోనైనా కనిపిస్తుంది.

ఇళ్లకు సరుకులు చేర్చే కంపెనీ ఒకటి. విజయవాడలో ఒక గోదాము, వరంగల్‌లో ఒక గోదాము. ఆదివారం రాత్రి మేనేజర్ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు. ఎనిమిది వారాల్లో ఎంత శాతం ఆర్డర్లు ఆలస్యమయ్యాయో చూపే చార్టులవి, ఎడమ పక్క విజయవాడ, కుడి పక్క వరంగల్. రెండు గీతలూ కింది మూల నుంచి పై మూలకు దాదాపు ఒకే వాలుతో ఎక్కుతున్నాయి. కింద ఆయన మాట: "రెండు చోట్లా ఒకే కథ. వచ్చే నాలుగు వ్యాన్లు చెరో రెండు ఇచ్చేద్దాం." వరసగా బొటనవేళ్లు వచ్చిపడ్డాయి.

కొత్తగా చేరిన అనలిస్ట్ సింధుకు మొదట అంకెలు కనబడలేదు, ఫోన్ తెరలో అవి అంత చిన్నవి. ఆమెకు తేడాగా అనిపించింది వేరే విషయం. రెండు గీతలూ తమ తమ డబ్బాల్ని అడుగు నుంచి అంచు దాకా దాదాపు నింపేశాయి. రెండు ఊళ్ల లెక్కలు నిజంగా ఒకే స్కేలు మీద ఉంటే అంత పొందికగా కుదరడం అరుదు. గీత డబ్బాను నింపేసిందంటే, చాలాసార్లు డేటాను బట్టి చార్టు గీసే టూలే స్కేలును సాగదీసిందని అర్థం.

జూమ్ చేసి చూసింది. ఎడమ చార్టులో అంకెలు 3.0, 3.2, 3.4 అంటూ 4.0 దాకా ఉన్నాయి. కుడి దానిలో 0, 3, 6 అంటూ 15 దాకా. రెండింటిలోనూ అడ్డగీతలు ఆరే, వాటి మధ్య దూరమూ ఒకటే. అందుకే చూపు మోసపోయింది.

అపోహ: స్క్రీన్‌షాట్ నుంచి ఏమీ తేల్చలేం, అసలు డేటా ఉంటేనే మాట్లాడాలి.

అడ్డగీతలు, వాటి పక్కన అంకెలు కనబడితే చాలావరకు తేల్చవచ్చు. సింధు ఆ బొమ్మను కంప్యూటర్‌లో తెరిచి కొలిచింది. రెండు అడ్డగీతల మధ్య దూరం రెండు చార్టుల్లోనూ 40 పిక్సెళ్లు. ఆ 40 పిక్సెళ్లకు ఎడమ పక్క విలువ 0.2, కుడి పక్క విలువ 3. అంటే తెర మీద అదే ఎత్తుకు కుడి పక్క 15 రెట్లు ఎక్కువ మార్పు. రెండు గీతలూ 160 పిక్సెళ్లే ఎక్కాయి. విజయవాడలో అది 3.1 శాతం నుంచి 3.9 శాతానికి పెరగడం. వరంగల్‌లో 2 నుంచి 14 శాతానికి.

స్క్రీన్‌షాట్ చెప్పనిది ఒకటుంది: ఆర్డర్లెన్ని? అది తెలియకుండా శాతాల్లో మార్పును నమ్మలేం. ఆ లెక్క మాత్రం ఆమె డేటాలో చూసింది. విజయవాడలో వారానికి సుమారు 1000 ఆర్డర్లు, వరంగల్‌లో 500. అంటే విజయవాడలో ఆలస్యాలు 31 నుంచి 39 అయ్యాయి. సగటున 35 ఆలస్యాలుండే చోట, ఏ కారణమూ లేకుండానే వారం వారం ఓ ఆరు అటూ ఇటూ అవడం మామూలే (35 వర్గమూలం దాదాపు 6, మా పనిలో వాడే మోటు లెక్క ఇది). మొదటి వారాన్నీ చివరి వారాన్నీ పోలిస్తే రెండు చివర్లా ఊగుతాయి కాబట్టి 8 తేడాను పట్టుకుని కంగారు పడనక్కర్లేదు. వరంగల్‌లో 10 నుంచి 70 అయ్యాయి. అది ఊగిసలాట కాదు.

ఆమె గ్రూపులో ఏమీ రాయలేదు. సోమవారం మీటింగ్‌కు ముందు మేనేజర్ దగ్గరకు వెళ్లి, "సర్, రెండు చార్టులూ ఒకే స్కేలు మీద మళ్లీ గీశాను, ఒకసారి చూస్తారా?" అంది. కొత్త బొమ్మలో విజయవాడ గీత అడుగున దాదాపు బల్లపరుపుగా ఉంది. ఆయన కాసేపు చూసి, "మరి నిన్న అలా ఎందుకు కనబడిందమ్మా?" అన్నాడు.

అపోహ: టూల్ తనంతట తాను పెట్టిన స్కేలు తటస్థంగా ఉంటుంది.

ఆయన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. టూల్ ఒక్కో చార్టును విడిగా చూస్తుంది, పక్కన ఇంకో చార్టు ఉందని దానికి పట్టదు. ఎక్సెల్ సంగతే చూడండి. విలువలన్నీ ధన సంఖ్యలై, అతి పెద్దదానికీ అతి చిన్నదానికీ తేడా పెద్దదానిలో ఆరో వంతు కన్నా తక్కువైతే, నిలువు అక్షాన్ని సున్నా నుంచి కాక అంతకన్నా పెద్ద విలువ నుంచి మొదలుపెడుతుంది. 50 నుంచి 98 దాకా ఉన్న డేటాకు సున్నా ఉంటుంది, 92 నుంచి 98 దాకా ఉన్నదానికి ఉండదు. రెండూ పక్కపక్కన పెడితే నిలకడగా ఉన్నదే ఎక్కువ ఊగుతున్నట్టు కనిపిస్తుంది.

అన్ని టూల్సూ ఒకేలా ఉండవు కూడా. ఆర్ భాషలోని ggplot2 ఒక చార్టును ముక్కలుగా గీస్తే, మనం వద్దంటే తప్ప అన్నిటికీ ఒకే స్కేలు ఇస్తుంది. పైథాన్‌లోని matplotlib తీరు దీనికి తలకిందులు, ఒకే స్కేలు కావాలంటే మనమే అడగాలి:

```python
fig, ax = plt.subplots(1, 2, sharey=True)
```

ఒక టూల్ నుంచి ఇంకోదానికి మారినవాళ్లు ఎక్కువగా ఇక్కడే బోల్తా పడతారు.

అపోహ: సున్నా నుంచి మొదలుకాని చార్టు ప్రతిదీ మోసమే.

బార్ చార్టుకు ఈ మాట నిజం, ఎందుకంటే అక్కడ మనం చదివేది బార్ పొడవును. లైన్ చార్టులో చదివేది స్థానాన్ని, వాలును. జ్వరం చార్టును సున్నా డిగ్రీల నుంచి గీస్తే 98.6కీ 102కీ తేడా కంటికి ఆనదు. అక్షం ఎక్కడ మొదలైందన్నది లైన్ చార్టులో నాకు పెద్ద తప్పుగా తోచదు. పక్కపక్కన పెట్టి పోల్చమన్నప్పుడు రెండూ వేరువేరు చోట్ల మొదలైతేనే అభ్యంతరం.

అపోహ: ఒకే స్కేలు పెట్టేస్తే సమస్య తీరిపోతుంది.

సగం తీరుతుంది. ఒకే స్కేలు మీద విజయవాడ గీత బల్లపరుపై కూర్చుంటుంది, రేపు అక్కడ నిజంగా ఆలస్యాలు కాస్త పెరిగినా ఎవరి కంటా పడకపోవచ్చు. ఎక్కడ సమస్య పెద్దదన్నది ప్రశ్న అయితే ఒకే స్కేలు కావాలి. ఒక్కో ఊరు తన మామూలు స్థాయి నుంచి ఎంత జరిగిందన్నది ప్రశ్న అయితే విడి స్కేలే నయం, కాకపోతే అవి పక్కపక్కన ఉండకూడదు, ఉంటే ఆ సంగతి చార్టు శీర్షికలోనే రాయాలి. సింధు రెండూ చేసింది. మొదటి పేజీలో ఒకే స్కేలుతో రెండు ఊళ్లు, ఒక్కో ఊరికీ విడి పేజీలో దాని సొంత స్కేలు.

ఇంకో చిక్కు ఆమెకు మీటింగ్ తర్వాత తట్టింది. స్కేలు గరిష్ఠాన్ని 15 దగ్గర చేత్తో బిగిస్తే, ఏదో ఒక వారం వరంగల్ 16 శాతానికి వెళ్లినప్పుడు గీత డబ్బా పైకి వెళ్లి తెగిపోతుంది, చూసేవాళ్లకు డేటా రాలేదేమో అనిపిస్తుంది. అందుకని 20కి పెంచి, ఏ ఊరైనా 18 దాటితే తనకు మెయిల్ వచ్చేలా పెట్టుకుంది. నాలుగు వ్యాన్లలో మూడు వరంగల్ వెళ్లాయి. నాలుగోదాన్ని ఇంకో నెల లెక్కలు చూశాక పంపుదామన్నాడు మేనేజర్.