కవలల జాతకం, కుమ్మరి సారె

కవలలిద్దరికీ తల్లీ తండ్రీ ఒకరే, పుట్టిన చోటూ ఒకటే, సమయంలో తేడా కొద్ది నిమిషాలు. అయినా ఒకరి బతుకులా ఇంకొకరి బతుకు ఉండదు. జ్యోతిషం నిజమైతే ఇదెలా అన్న ప్రశ్న రెండు వేల ఏళ్లకు పైగా నలుగుతూనే ఉంది. క్రీ.పూ. 44లో రోమన్ వక్త, రచయిత సిసిరో ఇదే అడిగాడు. స్పార్టా రాజులైన కవలలు ప్రోక్లీస్, యూరిస్తెనీస్ ఒకే వయసు వరకు బతకలేదు, ప్రోక్లీస్ ఏడాది ముందే పోయాడని గుర్తుచేశాడు.

దీనికి దొరికిన తొలి పెద్ద జవాబు సిసిరో మిత్రుడు నిగిడియస్‌ది. కుమ్మరి సారెను జోరుగా తిప్పి, ఒకే చోట తగిలేలా వెంటవెంటనే రెండుసార్లు సిరా చుక్క పెట్టాడట. సారె ఆగాక చూస్తే చుక్కలు దూరదూరంగా ఉన్నాయి. ఆకాశం అంతకన్నా వేగంగా తిరుగుతుంది కదా, కవలల మధ్య ఆ కొద్దిసేపే చాలన్నాడు.

మన జ్యోతిష్కులు చెప్పేదీ దాదాపు ఇదే, కాకపోతే లెక్కతో చెబుతారు. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలే కదులుతాడు. కాబట్టి 6 నిమిషాల్లో నక్షత్రం మారడం అరుదు, ఒక్కో గ్రహం ఏలే కాలమైన దశ ఆరంభం కూడా కొన్ని రోజుల నుంచి సుమారు నెల దాకానే పక్కకు జరుగుతుంది. వేగంగా మారేది లగ్నం, అంటే ఆ క్షణాన తూర్పున ఉదయిస్తున్న రాశి బిందువు, సగటున 4 నిమిషాలకో డిగ్రీ. మొదటి బిడ్డకు సింహ లగ్నం అయిదున్నర డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. 6 నిమిషాల తర్వాత పుట్టిన బిడ్డకు అది 7 డిగ్రీలు. రాశిచక్రం ఇద్దరికీ ఒకటే. కానీ రాశిలో తొమ్మిదో వంతైన నవాంశ 6 డిగ్రీల 40 కళల దగ్గర మారుతుంది కాబట్టి పెద్దవాడిది వృషభ నవాంశ, చిన్నవాడిది మిథునం. నవాంశ దాదాపు 13 నిమిషాలు ఉంటుంది. అందుకే చాలామంది కవలలకు అదీ కలిసిపోతుంది. అప్పుడు రెండేసి నిమిషాలకు మారే షష్ట్యంశకు, అంటే రాశిలో అరవయ్యో వంతుకు వెళతారు. జ్యోతిష్కుడు కె.ఎస్. కృష్ణమూర్తి పద్ధతిలోనైతే ప్రతి నక్షత్రాన్నీ దశా సంవత్సరాల నిష్పత్తిలో చీల్చి, ఆ ముక్కకు అధిపతి అయిన గ్రహాన్ని, అంటే సబ్‌లార్డ్‌ను చూస్తారు.

ఈ జవాబు ఎక్కడ నిలవదో అయిదో శతాబ్దంలోనే క్రైస్తవ వేదాంతి అగస్టీన్ పట్టుకున్నాడు. అంత కొద్ది తేడాకే బతుకులు మారిపోతే, మామూలు మనుషుల జాతకాలు ఏ ధైర్యంతో చెబుతున్నారని అడిగాడు. నాకు ఇదే అసలు ప్రశ్న అనిపిస్తుంది. రికార్డులో 10:20 అని ఉన్న బిడ్డ నిజంగా 10:17కు పుట్టి ఉండొచ్చు. గోడ గడియారం రెండు నిమిషాలు ముందుండొచ్చు. పైగా ఏది పుట్టిన క్షణం? తల కనబడటమా, పూర్తిగా బయటపడటమా, తొలి ఏడుపా, బొడ్డు కోయడమా? దీనిపై జ్యోతిష్కులకే ఏకాభిప్రాయం లేదు. జరిగిపోయిన సంఘటనలను బట్టి సమయాన్ని సరిచేసే పద్ధతి ఒకటుంది, జనన కాల సంస్కారం అంటారు. అది చేస్తే మాత్రం జీవితం నుంచి జాతకం పుట్టినట్టవుతుంది. ఆ జాతకం ఆ జీవితానికి సరిపోవడాన్ని ఇక రుజువుగా చూపలేరు.