కార్డు ఫెయిలైనప్పుడు పంపే మెయిళ్లు: అపోహలు - వాస్తవాలు

పలాస నుంచి నెలనెలా జీడిపప్పు డబ్బా పంపే ఒక చిన్న వ్యాపారం అనుకోండి. చందా 899 రూపాయలు. ప్రతి నెలా 5న కస్టమర్ కార్డు నుంచి దానంతటదే కట్ అవుతుంది, 12న పార్సిళ్లు కొరియర్‌కి వెళ్తాయి. కొనేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడ్డ శ్రీకాకుళం, విజయనగరం వాళ్లే. 5న కొందరి కార్డులు ఫెయిలవుతాయి. ఆ రోజు నుంచి 12 దాకా వాళ్లకు వెళ్లే మెయిళ్ల వరసనే డన్నింగ్ అంటారు. దీని చుట్టూ ఉన్న అపోహలు చాలావరకు ఈ ఒక్క ఉదాహరణలోనే తేలిపోతాయి.

అపోహ: ఫెయిలైన వాళ్లందరికీ ఒకటే మెయిల్ సరిపోతుంది.

సరిపోదు. బ్యాంకు ‘కాదు’ అన్నప్పుడు దానితోపాటు ఒక కోడ్ కూడా వస్తుంది. ఏ మెయిల్ వెళ్లాలో ఆ కోడే చెప్పాలి. 51 అంటే బ్యాలెన్స్ చాలలేదు. నాలుగు రోజులాగితే పడే అవకాశం ఉంది కాబట్టి మళ్లీ ప్రయత్నించవచ్చు. 54 అంటే కార్డు గడువు అయిపోయింది. దాన్ని ఎన్నిసార్లు తట్టినా లాభం లేదు, కార్డు మార్చమనే మెయిల్ ఒక్కటే దారి. 91 అంటే బ్యాంకు సర్వరు అందలేదు. ఇందులో కస్టమర్ చేయాల్సింది ఏమీ లేదు కాబట్టి వెంటనే మెయిల్ పంపి కంగారుపెట్టకూడదు. కొన్ని గంటల తర్వాత మరోసారి ప్రయత్నించి, అప్పుడూ ఫెయిలైతేనే రాయాలి. 05 వచ్చిందంటే బ్యాంకు కారణం చెప్పకుండా తిప్పికొట్టిందన్నమాట. అలాంటప్పుడు మీరు కారణం ఊహించి రాయకండి, బ్యాంకునే అడగమనండి, లేదా వేరే కార్డు వాడమనండి.

41, 43 అనేవి పోయిన కార్డు, దొంగిలించిన కార్డు కోడ్‌లు. ఆ మాట మెయిల్లో రాయకూడదు, మళ్లీ ప్రయత్నించనూ కూడదు. ‘ఈ కార్డుతో చెల్లింపు కుదరలేదు, మరో కార్డు ఇవ్వండి’ అంటే చాలు.

అపోహ: ఫెయిలయిందంటే కార్డులోనే ఏదో లోపం.

మన దేశంలో ఇది సగమే నిజం. నెలనెలా కార్డు నుంచి డబ్బు తీసుకోవడానికి కస్టమర్ ముందే ఇచ్చే అనుమతినే మ్యాండేట్ అంటారు. రిజర్వ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధనల ప్రకారం, డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు కార్డు ఇచ్చిన బ్యాంకు కస్టమర్‌కి తెలియజేయాలి. ఆ కబురు చూసి కస్టమర్ ఆ చెల్లింపునో మొత్తం మ్యాండేట్‌నో ఆపేయవచ్చు. అలా కావాలనే ఆపుకున్న మనిషికి ‘మీ కార్డులో సమస్య ఉంది’ అని రాస్తే ఒళ్లు మండుతుంది. మీ తరఫున చెల్లింపులు నడిపే గేట్‌వే సంస్థ డాష్‌బోర్డులో మ్యాండేట్ రద్దయినట్టు కనిపిస్తే ఆ కస్టమర్‌ని మెయిళ్ల వరసలోంచి తీసేసి, ‘ఆపినట్టు నమోదైంది, పొరపాటున ఆగిపోయి ఉంటే ఇక్కడ మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు’ అని ఒక్క మెయిల్ పంపి ఊరుకోండి.

ధర పెంచిన నెలలో ఇంకో చిక్కు ఉంది. మ్యాండేట్ 899కే తీసుకుని చందా 999 చేస్తే బ్యాంకు ఒప్పుకోదు. ఒకే రోజున రకరకాల బ్యాంకుల కార్డులు కుప్పగా ఫెయిలై, అన్నిట్లోనూ కొత్త ధరే కనిపిస్తే తప్పు మీ వైపే ఉందని అర్థం. అప్పుడు బాలెన్స్ చూసుకోమనే మెయిల్ ఆపి, ధర మారిందనీ ఓటీపీతో కొత్తగా అనుమతి ఇవ్వాలనీ చెప్పాలి.

అపోహ: మెత్తగా, చుట్టుతిప్పి రాస్తే కస్టమర్ నిలుస్తాడు.

‘మిమ్మల్ని మిస్ అవుతున్నాం’ లాంటి సబ్జెక్టును ఆఫర్ మెయిల్ అనుకుని తెరవరు. ‘తక్షణ హెచ్చరిక’ అంటే మోసగాళ్ల మెయిల్ అనుకుని చెరిపేస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, మర్యాద మాటల్లో చూపిస్తే చాలు. 51 కోడ్ వచ్చిన వాళ్లకు 5న వెళ్లే మెయిల్ ఇలా ఉండొచ్చు:

> సబ్జెక్టు: ఈ నెల జీడిపప్పు డబ్బాకి 899 రూపాయల చెల్లింపు జరగలేదు
>
> నమస్కారమండీ. 4321తో ముగిసే మీ కార్డు నుంచి ఈ నెల చందా మాకు అందలేదు. 8వ తేదీన మరోసారి ప్రయత్నిస్తాం. ఆలోపు బ్యాలెన్స్ లేదా లిమిట్ ఒకసారి చూసుకోండి. కార్డు మార్చాలంటే మా సైటులో లాగిన్ అయి ‘నా చెల్లింపులు’ తెరవండి. 11 సాయంత్రంలోగా చెల్లింపు అయితే డబ్బా 12న బయల్దేరుతుంది. ఈ నెలకి వద్దనుకుంటే ‘ఈ నెల ఆపండి’ నొక్కండి. కార్డు నంబరు, ఓటీపీ మేము ఫోన్లోగానీ మెయిల్లోగానీ అడగం.

ఇందులో ‘మీ డబ్బు కట్ కాలేదు’ అని రాయలేదు, ‘మాకు అందలేదు’ అని రాశాం. ఒక్కోసారి ఖాతాలో కట్ అయి మన దగ్గర ఫెయిల్ అని పడుతుంది. అలాంటప్పుడు డబ్బు లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా వెనక్కి రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. ‘నాకు కట్ అయిందండీ’ అని జవాబొస్తే ఆ కస్టమర్‌కి వెళ్లాల్సిన మిగతా మెయిళ్లు ఆపి, గేట్‌వేలో ఆ లావాదేవీ సంగతి తేల్చుకోండి.

తర్వాత 8న ప్రయత్నం. పడితే రసీదు వెళ్తుంది. పడకపోతే రెండో మెయిల్, ఇంకా చిన్నది, 11 గడువుతో. 10న మూడోది. దానిలో ఒక్కసారి చెల్లించే యూపీఐ లింకు కూడా ఇవ్వండి. 12న ఆఖరిది: ‘ఈ నెల డబ్బా పంపలేదు, మీరు మాకు ఇవ్వాల్సింది ఏమీ లేదు, చందా ఆపి ఉంచాం.’ సరుకు వెళ్లనప్పుడు ‘బాకీ’ అన్న మాటే తప్పు. సాఫ్ట్‌వేర్ చందా అయితే గడువు రోజుల్లో వాడుకున్న లెక్క వేరుగా ఉంటుంది, మాట కూడా వేరుగానే ఉండాలి.

అపోహ: ఎన్నిసార్లు ప్రయత్నిస్తే అంత వసూలు.

కార్డు నెట్‌వర్కులు దీనికి హద్దు పెట్టాయి. వీసా అయితే తిరస్కరించిన చెల్లింపును 30 రోజుల్లో 15 సార్లకు మించి తిరిగి పంపనివ్వదు. నిజానికి మన వరసకి రెండు మూడు చాలు.

అపోహ: డబ్బు రాగానే మెయిళ్లు వాటంతటవే ఆగుతాయి.

వరసలో పెద్ద దెబ్బ తగిలేది ఇక్కడే. కస్టమర్ 10న యూపీఐ లింకుతో కట్టేశాడు. గేట్‌వేకి అది వేరే చెల్లింపు, చందాతో దానికి సంబంధం లేదు. 11న ఇంకో ప్రయత్నం ముందే పెట్టి ఉంటే కార్డు నుంచి మళ్లీ 899 పోతుంది. 12న ‘మీ డబ్బా పంపలేదు’ మెయిల్ కూడా వెళ్తుంది. అందుకే లింకు చెల్లింపు అందిన క్షణమే మిగిలిన ప్రయత్నాలు రద్దు చేయాలి. ప్రతి మెయిల్ ముందురోజు తయారైన జాబితా ప్రకారం కాకుండా, పంపే నిమిషంలో చెల్లింపు స్థితి చూసుకుని వెళ్లాలి.

లింకుతో కట్టినంత మాత్రాన కార్డు బాగుపడదు, వచ్చే నెల 5న మళ్లీ ఫెయిలవుతుంది. రసీదులోనే ‘ఈ నెలకి చెల్లింపు అందింది, వచ్చే నెల నుంచి కార్డు మార్చుకోవాలి’ అని రెండూ విడివిడిగా చెప్పాలి.

అపోహ: రద్దు లింకు కనపడకపోతే కస్టమర్ పోడు.

పోతాడు, బ్యాంకు యాప్‌లోంచి మ్యాండేట్ తీసేసి. అప్పుడు ఎందుకు వెళ్లాడో మీకు తెలియదు, తిరిగి రావాలంటే ఓటీపీ నుంచి మొదలు. ‘ఈ నెల ఆపండి’ బటన్ ఉంటే, ఇంట్లో పాత డబ్బా ఇంకా మిగిలి ఉన్నవాళ్లు అది నొక్కి ఊరుకుంటారు. మ్యాండేట్ చెక్కుచెదరకుండా ఉంటుంది, తర్వాతి 5న చందా మామూలుగా పడుతుంది.