శ్రీనివాస్ పక్కన ఆ రెండో ఎస్

హన్మకొండలో నేను ఇంగ్లిష్ గ్రామర్ చెప్తాను. హాఫ్ ఇయర్లీ పేపర్లు పిల్లల చేతికొచ్చే వారంలో ఏటా నా దగ్గరికి ఇదే పంచాయితీ వస్తుంది. ఈసారి పదో తరగతి చదివే అమ్మాయిని వెంటబెట్టుకుని వాళ్ల నాన్న వచ్చాడు. "సార్, మా బిడ్డ కరెక్టే రాసిన అంటది. మార్కు కొట్టేసిన్రు. మీరే సూడుండ్రి" అన్నాడు. తప్పు దిద్దమని ఇచ్చిన వాక్యం ఇది.

```
Srinivas house is near Kazipet station.
```

అమ్మాయి ఇలా దిద్దింది.

```
Srinivas's house is near Kazipet station.
```

ఎర్ర పెన్నుతో చివరి ఎస్ కొట్టేసి, అపాస్ట్రఫీ ఒక్కటే ఉంచారు. పక్కన సున్నా వేశారు. "ఎస్ మీద ఎస్ రాదు అన్నరు సార్" అంది ఆ పిల్ల. ఈ మాట మా వైపు ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని నమ్మని టీచర్లు నాకు చాలా అరుదుగా కనిపించారు. మన దగ్గర శ్రీనివాస్, రాందాస్, కాజీపేట వైపు జేమ్స్, థామస్, ఫ్రాన్సిస్ అనే పేర్లు వీధికొకటి ఉంటాయి. కాబట్టి ఈ ఒక్క మార్కు చాలామంది పిల్లలకు పోతూనే ఉంది. ఆ పిల్ల రాసింది తప్పు కాదు. "ఎస్ మీద ఎస్ రాదు" అన్నది ఎక్కడ పుట్టిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో అపాస్ట్రఫీయే లేదు. మనం ఇల్లు అన్న మాటను "ఇంటి తలుపు" అనేటప్పుడు మార్చుకున్నట్టే, వాళ్లూ మాట చివరనే మార్చుకునేవాళ్లు. రాజు అంటే cyning, రాజుది అని చెప్పాలంటే cyninges. అందులోని చివరి "ఎస్" శబ్దం ముందు ఒక అచ్చు ఉంది, దాన్ని స్పష్టంగా పలికేవాళ్లు. అప్పట్లో అన్ని నామవాచకాలకూ ఇదే ప్రత్యయం లేదు, వేరే వేరే చివర్లు ఉండేవి. కాలం గడిచేకొద్దీ మిగతావి పోయి ఇదొక్కటే దాదాపు అన్ని మాటలకూ పాకింది. ఆ తర్వాత చాలా మాటల్లో మధ్యనున్న అచ్చు పలకడం ఆగిపోయింది.

అపాస్ట్రఫీ 16వ శతాబ్దంలో ఫ్రెంచి అచ్చు పుస్తకాల అలవాటుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇక్కడ ఒక అక్షరం జారిపోయింది అని చెప్పడమే మొదట దాని పని. పలకడం మానేసిన ఆ అచ్చు స్థానంలో దాన్ని పెట్టడం మొదలై, 18వ శతాబ్దానికి ఏకవచనంలో స్వామ్యం చూపించే గుర్తుగా స్థిరపడింది. అసలు సంగతి తెలియక మధ్యలో జనం ఇంకో కథ అల్లుకున్నారు. ఈ గుర్తు his అన్న మాటకు పొట్టి రూపం అనుకున్నారు. 1662 నాటి ఇంగ్లండ్ చర్చి ప్రార్థనల పుస్తకంలో Jesus Christ his sake అనే ఉంది. 1711లో జోసెఫ్ ఆడిసన్ కూడా ఆ లెక్కనే రాశాడు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువుకు జోడించిన వ్యాకరణంలో దాన్ని కొట్టిపారేశాడు. ఆడవాళ్లను చెప్పే మాటలకు కూడా ఈ గుర్తు వస్తోంది కదా, అక్కడ "అతని" ఎలా కుదురుతుంది అన్నది ఆయన వాదన. నాకు జాన్సన్ వాదనే సరైనదనిపిస్తుంది.

ఇప్పుడు మన శ్రీనివాస్ దగ్గరికి వద్దాం. రవి, సీత లాంటి పేర్లకు ఈ గుర్తు పెడితే చివర ఒక చిన్న "జ్" వినిపిస్తుంది, కొత్త అక్షరం చేరినట్టు ఉండదు. శ్రీనివాస్, జేమ్స్ లాంటి పేర్లలో చివర ఇప్పటికే బుసకొట్టే శబ్దం ఉంది. దాని వెంటే ఇంకో బుస నోటికి రాదు, మధ్యలో ఒక అచ్చు కావాలి. అందుకే ఇంగ్లిష్‌వాళ్లు "జేమ్సిజ్ హౌస్" అని పలుకుతారు. అంటే మిగతా మాటల్లో జారిపోయిన పాత అచ్చు ఈ పేర్ల దగ్గర మాత్రం ఇప్పటికీ బతికే ఉంది. నోరు ఒక అక్షరాన్ని కలుపుతున్నప్పుడు రాతలో రెండో ఎస్ వేయడం తప్పెలా అవుతుంది?

అయినా అపాస్ట్రఫీ ఒక్కటే పెట్టే అలవాటు ఒకప్పుడు నిజంగానే ఉండేది. 1926లో వాడుక నిఘంటువు రాసిన ఫౌలర్ అది పాత ఆచారమని, కవిత్వంలోనూ భక్తి సందర్భాల్లోనూ నిలిచిందని, మిగతాచోట్ల ఎస్ చేర్చి పలుకుతున్నారని చెప్పాడు. అంతకు ముందే, 1918లో, అమెరికాలో విలియం స్ట్రంక్ తన చిన్న పుస్తకంలో మొట్టమొదటి నియమంగా పెట్టింది ఇదే. ఏకవచన నామవాచకం ఏ హల్లుతో ముగిసినా సరే అపాస్ట్రఫీ, ఎస్ రెండూ పెట్టమన్నాడు, Charles's అన్నది ఆయన ఉదాహరణల్లో ఒకటి. జీసస్‌కు, కొన్ని ప్రాచీన పేర్లకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు.

మన బడుల్లోకి ఈ విషయం ప్రధానంగా రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ ద్వారా వచ్చింది. నాన్న చదివిన కాపీనే కొడుకు చదివిన ఇళ్లు వరంగల్‌లో ఎన్నో ఉన్నాయి. అందులో ఉన్నదేమిటంటే, బుస శబ్దాలు మరీ ఎక్కువైపోయే కొన్ని మాటల్లో మాత్రమే ఎస్ వదిలేస్తారు అని. దానికి ఉదాహరణలుగా Moses' laws, for Jesus' sake లాంటివి ఇచ్చారు. "కొన్ని మాటల్లో" అన్న ఆ ముక్క మన నోట్‌బుక్కుల్లోకి దిగేసరికి మాయమైంది. దీనికి తోడు boys' లాంటి బహువచన రూపాలు కలగలిసిపోయాయి. బహువచనంలో ఎస్ ఎలాగూ ఉంది, పలకడంలో కొత్తగా ఏదీ చేరదు, కాబట్టి అక్కడ అపాస్ట్రఫీ ఒక్కటే సరిపోతుంది. శ్రీనివాస్ ఒక్కడే కదా, అతని పేరులోని ఎస్ బహువచనం కాదు. ఈ రెండూ ముడిపడి "ఎస్ మీద ఎస్ రాదు" అనే సూత్రం తయారైంది.

ఇందులో ఎర్ర పెన్ను పట్టినవాళ్ల పక్షాన చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. అమెరికా వార్తా సంస్థ ఏపీ స్టైల్‌బుక్ ఎస్‌తో ముగిసే వ్యక్తుల పేర్లకు, ఊళ్ల పేర్లకు అపాస్ట్రఫీ ఒక్కటే పెట్టమంటుంది. పుస్తకాల ప్రచురణకర్తలు పాటించే షికాగో మాన్యువల్ రెండో ఎస్ కావాలంటుంది. 2006లో అమెరికా సుప్రీంకోర్టులో కాన్సాస్ రాష్ట్రం వర్సెస్ మార్ష్ కేసు తీర్పులోనే ఈ చీలిక కనిపిస్తుంది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ థామస్ Kansas' అని రాశాడు, విభేదించిన జస్టిస్ సౌటర్ Kansas's అని రాశాడు. 2007లో ఆర్కాన్సాస్ శాసనసభ తమ రాష్ట్రం పేరుకు రెండో ఎస్ రాయాలని ఏకంగా తీర్మానమే చేసింది.

కాబట్టి రెండు రూపాలూ చెల్లుతాయి, ఒకే పేపర్లో మాత్రం రెండూ కలపకూడదు. నా క్లాసులో నేను రెండో ఎస్‌నే నేర్పిస్తాను, ఎందుకంటే అది నోటి మాటను అనుసరిస్తుంది, పిల్లలకు గుర్తుంచుకోవడానికి మినహాయింపులు తక్కువ. ఎవరైనా అపాస్ట్రఫీ ఒక్కటే రాస్తే మార్కు కొట్టను. అసలు అపాస్ట్రఫీయే లేకుండా రాసినా, ఎస్ ముందు గుర్తు పెట్టి పేరునే విరిచేసినా, అంటే Sriniva's అని రాసినా, అప్పుడు కొడతాను. ఎర్ర సిరా నిజంగా అవసరమైనది అక్కడే. ఆ నాన్నతో ఇదంతా చెప్పి, టీచర్‌కు చూపించమని నాలుగు లైన్లు రాసిచ్చాను.

అదే వారంలో ఇంకో కాగితం వచ్చింది. పరకాల వైపు అన్నదమ్ములిద్దరు, పేర్లు శ్రీనివాస్, రమేశ్ అనుకుందాం. వాన నీళ్లలో బండ్లు మునిగి పాడయ్యాయి. ఇన్సూరెన్స్ కోసం ఎవరితోనో ఇంగ్లిష్ లెటర్ రాయించుకున్నారు.

```
Srinivas and Ramesh's tractors were damaged.
```

కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ట్రాక్టర్లు ఇద్దరి పేరునా ఉన్నట్టు కాగితాలు పంపమన్నారు. ఇద్దరికీ టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే అలాంటి కాగితాలే లేవు. ఎవరి ట్రాక్టర్ వాళ్లది, రెండింటి రిజిస్ట్రేషన్లూ వేరు. ట్రాలీ ఒక్కటే ఇద్దరూ కలిసి కొన్నారు. లెటర్లో ఒక్క అపాస్ట్రఫీ తక్కువైనందుకు ఇంత తిప్పలు వచ్చింది.

దీని వెనకా అదే పాత కథ ఉంది. పాత ఇంగ్లిష్‌లో ఆ ప్రత్యయం మాటకే అతుక్కుని ఉండేది. "ఇంగ్లండ్ రాజు కొడుకు" అనాలన్నా the king's son of England అన్న వరసే ఉండేది, గుర్తు రాజును వదిలేది కాదు. మధ్యయుగం చివరికి అది మాట నుంచి ఊడి మొత్తం పదబంధం చివరికి చేరడం మొదలుపెట్టింది. the king of England's son అన్న ఇప్పటి రూపం అలా వచ్చింది. కొడుకు ఇంగ్లండ్‌కు కాదు, రాజుకే, అయినా గుర్తు ఇంగ్లండ్ పక్కన పడింది. అలా చివరికి జరిగిన గుర్తు ముందున్న మాటలన్నింటినీ ఒక మూటగా కడుతుంది. అందుకే రెండు పేర్లకు కలిపి చివర ఒక్కసారి పెడితే, ఇద్దరిదీ ఉమ్మడి సొత్తు అని అర్థం. వేరువేరుగా ఉంటే ప్రతి పేరుకూ పెట్టాలి.

మన తెలుగుకూ ఇది కొత్తేమీ కాదు. "శ్రీనివాస్, రమేశ్‌ల ట్రాలీ" అన్నప్పుడు ఆ "ల" చివర ఒక్కసారే వచ్చి ఇద్దరినీ కలుపుతుంది. అయితే మనం "శ్రీనివాస్, రమేశ్‌ల ట్రాక్టర్లు" అన్నా ఎవరూ తప్పుపట్టరు. ఉమ్మడివో వేరువేరువో వినేవాడు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటాడు. లెటర్ రాసినాయన కూడా ఈ తెలుగు వాక్యాన్నే మనసులో పెట్టుకుని ఇంగ్లిష్‌లో దించి ఉంటాడు.

ఇలాంటి వాక్యం చూసేటప్పుడు నేను దాన్ని రెండు ముక్కలు చేస్తాను. శ్రీనివాస్ ట్రాక్టర్ పాడైంది, రమేశ్ ట్రాక్టర్ పాడైంది అని విడగొట్టినా నిజం నిలిస్తే, ఇద్దరికీ గుర్తు కావాలి. ట్రాలీని విడగొట్టబోతే ఒక్క ట్రాలీ రెండు అయిపోతుంది, కాబట్టి అక్కడ గుర్తు చివర ఒక్కటే. వెనక ఉన్న మాట బహువచనంలో ఉందా లేదా అన్నదాన్ని నమ్ముకోకూడదు, ఇద్దరికీ కలిపి రెండు ట్రాక్టర్లు ఉండే వీలూ ఉంది.

ఈ పద్ధతి ఆగిపోయే చోటు ఒకటుంది. శ్రీనివాస్ తన పేరు బదులు "నా" అని రాస్తే, ఆ మాటకు అపాస్ట్రఫీ పెట్టలేం. Ramesh's and my trailer అనే రాయాలి, ఉమ్మడి సొత్తైనా సరే పేరు పక్కన గుర్తు తప్పదు. అప్పుడు గుర్తును చూసి ఏదీ తేల్చలేం. ఇంగ్లిష్‌వాళ్లు కూడా అలాంటి చోట వాక్యాన్నే తిప్పి రాసుకుంటారు.

డబ్బుకు సంబంధించిన కాగితం కదా అని నేనూ అదే చేశాను. ట్రాక్టర్ మాటను ఏకవచనంలో రెండుసార్లు రాసి, ఉమ్మడి సంగతిని అపాస్ట్రఫీకి వదలకుండా మాటల్లోనే పెట్టాను. రెండు రిజిస్ట్రేషన్ నంబర్లూ కింద వేసి, ఈ వాక్యంతో కొత్త లెటర్ పంపారు.

```
Srinivas's tractor, Ramesh's tractor and
the trailer they own jointly were damaged.
```