చార్టు కింద రాసే ఇంగ్లిష్ వాక్యాలు: అపోహలు - వాస్తవాలు

కంపెనీ రిపోర్టులు ఎడిట్ చేయడం నా పని. చార్టే తప్పుగా వేసిన రిపోర్టు నా దగ్గరికి అరుదుగా వస్తుంది. చార్టు బాగానే ఉంటుంది, దాని కింద ఇంగ్లిష్‌లో రాసిన రెండు మూడు వాక్యాలే వేరే లెక్క చెబుతుంటాయి. గీత పైకి వెళ్లిందో కిందికి దిగిందో అందరూ సరిగ్గానే రాస్తారు. ఎంత మారింది, ఎక్కడిదాకా వెళ్లింది, ఎప్పుడు జరిగింది అని చెప్పాల్సిన చోట తడబడతారు.

అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఒక కంపెనీకి 2024లో నెలనెలా వచ్చిన ఆర్డర్ల చార్టు ఇది. జనవరిలో 400 ఉన్నాయి, ఏప్రిల్‌కి 500 అయ్యాయి, జూన్ దాకా అక్కడే ఉన్నాయి. సెప్టెంబర్‌కి 350కి తగ్గి, డిసెంబర్‌కి మళ్లీ 420కి వచ్చాయి. రిపోర్టు రాస్తున్నది 2025 జనవరిలో.

అపోహ: ‘బై’ రాసినా ‘టు’ రాసినా చదివేవాళ్లకి అర్థమైపోతుంది.

మామూలు అంకెల్లో అయితే కొంతవరకు నిజమే. ‘ఆర్డర్స్ రోజ్ బై 100’ అంటే వంద పెరిగాయి, ‘రోజ్ టు 500’ అంటే ఐదొందలకి పెరిగాయి. ఎవరైనా ‘రోజ్ టు 100’ అని రాసినా, 400 ఉన్నవి పెరిగి వందకి ఎలా వస్తాయని చదివేవాళ్లు వెంటనే పట్టేస్తారు.

శాతాల దగ్గర మాత్రం ఈ తప్పు బయటపడదు. అదే కంపెనీలో వాపసు వచ్చిన ఆర్డర్లు 4 శాతం నుంచి 6 శాతానికి పెరిగాయనుకోండి. ‘రిటర్న్స్ రోజ్ బై 6 పర్సెంట్’ అని రాస్తే, 4 శాతం మీద ఇంకో ఆరు శాతం, అంటే దాదాపు 4.24 అయిందని అర్థం. ‘బై 2 పర్సెంట్’ అన్నా తప్పే, అప్పుడు 4.08 అవుతుంది. ఇక్కడ సరైన మాట ‘బై 2 పర్సెంటేజ్ పాయింట్స్’, అంటే ఆరు శాతంలోంచి నాలుగు శాతం తీసేస్తే వచ్చే తేడా. ‘బై 50 పర్సెంట్’ అన్నా లెక్క ప్రకారం తప్పు కాదు, ఎందుకంటే నాలుగులో సగం రెండు. కానీ ఆ ఒక్క ముక్కే ఇస్తే చదివేవాళ్లు కంగారు పడతారు. అందుకే నేను ‘ఫ్రమ్ 4 పర్సెంట్ టు 6 పర్సెంట్’ అని రెండు చివరలూ రాయిస్తాను. అలా రాస్తే అపార్థానికి చోటుండదు.

అనుమానం వస్తే వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుని చూడండి. ‘వంద పెరిగాయి’ అనిపిస్తే ‘బై’, ‘ఐదొందలకి పెరిగాయి’ అని ‘కి’ వస్తే ‘టు’. ఈ పద్ధతి చాలా చోట్ల పనిచేస్తుంది, కానీ ‘రీచ్’ దగ్గర దెబ్బతింటుంది. మనం ‘ఐదొందలకి చేరాయి’ అంటాం కాబట్టి ‘రీచ్డ్ టు 500’ అని రాసేస్తాం. ఇంగ్లిష్‌లో అక్కడ ఏమీ రాదు, ‘రీచ్డ్ 500’ చాలు. ‘పీక్’ తర్వాత ‘ఎట్’ వస్తుంది: ‘పీక్డ్ ఎట్ 500’. కదలకుండా ఒకచోట ఉన్నదానికీ ‘ఎట్’ వాడాలి: ‘రిమెయిన్డ్ ఎట్ 500’.

క్రియ బదులు నామవాచకం వాడితే ‘బై’ పోయి ‘ఆఫ్’ వస్తుంది. ‘ఎ రైజ్ ఆఫ్ 100 ఇన్ ఆర్డర్స్’ అన్న వాక్యంలో ‘ఆఫ్’ ఎంత పెరిగిందో చెబుతుంది, ‘ఇన్’ ఏది పెరిగిందో చెబుతుంది. ‘రైజ్ ఆఫ్ ఆర్డర్స్’ అని రాసినవి నేను చాలా దిద్దాను.

అపోహ: ‘రైజ్’, ‘రెయిజ్’ ఒకటే.

పెరగడం వేరు, పెంచడం వేరు. ‘ఆర్డర్స్ రోజ్’ అంటే అవి పెరిగాయి. ‘ది కంపెనీ రెయిజ్డ్ ప్రైసెస్’ అంటే కంపెనీ ధరలు పెంచింది. ‘ఆర్డర్స్ వర్ రిజన్’ అన్న వాక్యం ఇంగ్లిష్‌లో లేదు. ‘ఇంక్రీజ్’ రెండిటికీ పనికొస్తుంది కాబట్టి అక్కడ ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ‘ఆర్డర్స్ వర్ ఇంక్రీజ్డ్’ అని రాస్తే ఎవరో పట్టుబట్టి పెంచారన్న అర్థం వస్తుంది. ధరలకీ జీతాలకీ అది సరిపోతుంది, కస్టమర్ల నుంచి వచ్చే ఆర్డర్లకి సరిపోదు.

అపోహ: జరిగిపోయినదే కదా, ‘హ్యావ్ రిజన్’ అన్నా ‘రోజ్’ అన్నా ఒకటే.

మనకి రెండూ ‘పెరిగాయి’యే. అందుకే తేడా సులువుగా చేతికి రాదు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే: నేను చెబుతున్న కాలం ముగిసిపోయిందా, ఇప్పటిదాకా సాగుతోందా? ‘ఇన్ 2024’, ‘బిట్వీన్ జనవరి అండ్ ఏప్రిల్’ అన్నవి ముగిసిన కాలాలు. వాటితో ‘రోజ్’, ‘ఫెల్’ తప్ప వేరేది రాయకూడదు. ‘సిన్స్ సెప్టెంబర్’ అంటే సెప్టెంబర్ నుంచి నేటిదాకా, కాబట్టి ‘హ్యావ్ రిజన్’. నాకు ఎక్కువగా ఎదురయ్యే తప్పు ‘హ్యావ్ ఫాలెన్ ఇన్ 2024’. ఏడాది ముగిసిందని ఒక ముక్క, ఇంకా సాగుతోందని ఇంకో ముక్క ఒకే వాక్యంలో పడతాయి.

‘హ్యాడ్ రిజన్’ కావాలంటే గతంలోనే ఇంకో స్థిరమైన గుర్తు ఉండాలి. ‘బై జూన్, ఆర్డర్స్ హ్యాడ్ రిజన్ టు 500’ అంటే జూన్ వచ్చేసరికే అలా అయిందని. ఈ ‘బై’ సమయానికి సంబంధించినది, ఎంత పెరిగిందో చెప్పే ‘బై’ కాదు.

మిగతా రెండూ చిన్న విషయాలు. చార్టు ఇప్పుడూ కళ్ల ముందే ఉంది కాబట్టి ‘ది చార్ట్ షోస్’ అనే రాయాలి, ‘షోడ్’ అక్కర్లేదు. రాబోయే నెలల అంచనాకి ‘ఆర్ ఎక్స్‌పెక్టెడ్ టు రైజ్’ మంచిది. ‘విల్ రైజ్’ అంటే అది అంచనాలా కాకుండా హామీలా వినిపిస్తుంది.

అపోహ: ఒక్కసారిగా పడిపోయిందని చెప్పే ‘ప్లంజ్డ్’, ఎగబాకిందని చెప్పే ‘సోర్డ్’ లాంటి మాటలు ఉంటేనే రిపోర్టుకి బలం.

క్రియ రెండు విషయాలు చెబుతుంది: ఎంత మారింది, ఎంత వేగంగా మారింది. జూన్‌లో 500 ఉన్నవి సెప్టెంబర్‌కి 350 అయ్యాయి. మధ్యలో జులై 450, ఆగస్టు 400 అయితే నెలకి యాభై చొప్పున దిగినట్టు, దానికి ‘ఫెల్ స్టెడీలీ’ సరిపోతుంది. జులైలోనే 360కి పడిపోయి ఉంటే ‘ప్లంజ్డ్’ అనడంలో న్యాయం ఉంది. మధ్య నెలల అంకెలు చేతిలో లేకపోతే ఉత్త ‘ఫెల్’ రాయండి. వేగం తెలియనప్పుడు వేగం చెప్పే మాట వాడటం అబద్ధం చెప్పినట్టే.

క్రియ ఎంచుకునే ముందు నిలువు అక్షం ఎక్కడ మొదలైందో కూడా చూడాలి. అది సున్నా నుంచి కాకుండా 340 నుంచి మొదలైతే ఇదే దిగుడు లోయలా కనిపిస్తుంది. గీత వాలుని బట్టి కాకుండా అంకెలని బట్టి రాయాలి.

ఇక మొత్తం చార్టుని నేనైతే ఇలా రాస్తాను: ‘ఆర్డర్స్ రోజ్ బై 25 పర్సెంట్ టు 500 బిట్వీన్ జనవరి అండ్ ఏప్రిల్ అండ్ రిమెయిన్డ్ ఎట్ దట్ లెవెల్ అంటిల్ జూన్. దే దెన్ ఫెల్ బై 30 పర్సెంట్ టు 350 ఇన్ సెప్టెంబర్. సిన్స్ దెన్, దే హ్యావ్ రిజన్ బై 20 పర్సెంట్ టు 420.’

వాక్యాలన్నీ సరైనవే, అయినా ఇక్కడ ఆపకూడదు. ఇది చదివిన మేనేజర్ 25లోంచి 30 తీసి 20 కలిపి, ఏడాది మొత్తం మీద 15 శాతం పెరిగిందనుకోవచ్చు. నిజానికి 400 నుంచి 420కి పెరుగుదల 5 శాతమే. మూడు శాతాలూ మూడు వేర్వేరు అంకెల మీద లెక్కేసినవి: మొదటిది 400 మీద, రెండోది 500 మీద, మూడోది 350 మీద. అందుకే చివర ఇంకో వాక్యం చేరుస్తాను: ‘ఆర్డర్స్ ఎండెడ్ ది ఇయర్ 5 పర్సెంట్ అబవ్ దెయిర్ జనవరి లెవెల్.’